పదిహేను శాతం ఫండా, పదమూడు శాతం ఫండా?

లెక్క కోసం రెండు ఫండ్లు అనుకుందాం. మొదటిది ఏడాదికి 15 శాతం ఇచ్చింది, రెండోది 13. రిస్కు లేని ట్రెజరీ బిల్లుల మీదే 7 శాతం వస్తుంటే, ఫండ్ల అసలు సంపాదన 8, 6 మాత్రమే.

ఇక ఊగిసలాట చూడాలి. ఫ్యాక్ట్‌షీట్‌లో దాన్ని స్టాండర్డ్ డీవియేషన్ అంటారు. మొదటిదానికి 20, రెండోదానికి 12. భాగిస్తే షార్ప్ రేషియో 0.40, 0.50. రెండోదే మేలు.

బీటా, అంటే మార్కెట్‌తో పాటు కదిలే తీరు, 1, 0.8. దాంతో భాగిస్తే ట్రేనర్ రేషియో 8, 7.5. ఇప్పుడు మొదటిది గెలిచింది! మార్కెట్ 12 శాతం ఇచ్చి ఉంటే, బీటా ప్రకారం రావలసింది 12, 11. అదనంగా వచ్చిన ఆల్ఫా 3, 2. మళ్లీ మొదటిదే.

ఈ తేడా ఎందుకంటే, కొద్ది షేర్ల మీదే పందెం కాస్తే వచ్చే సొంత రిస్కు బీటాకు కనిపించదు. ఆర్-స్క్వేర్డ్ 0.36 లాగా తక్కువగా ఉంటే అదే గుర్తు; అప్పుడు ఆల్ఫాను నమ్మలేం. పొదుపంతా ఒకే ఫండ్‌లో పెట్టేవారికి నా ఓటు షార్ప్‌కే. ట్రేనర్, ఆల్ఫా పనికొచ్చేది ఇప్పటికే పలుచోట్ల పెట్టుబడులున్నవారికి.