సోషల్ పాఠంతో గళ్ళ నుడికట్టు

మా చిన్నమ్మాయి ఆరో తరగతి. సోషల్ యూనిట్ పరీక్షలో అక్షాంశం రాయాల్సిన చోట రేఖాంశం, రేఖాంశం దగ్గర అక్షాంశం రాసి వచ్చింది. ఎన్నిసార్లు చదివించినా అదే తంతు. మధ్యాహ్నం పూట మనం వారపత్రికల్లో పూరించే గళ్ళ నుడికట్టు లాంటిది నేనే తయారుచేసి దాని ముందు పెట్టాను. మీరూ చేయవచ్చు. గళ్ళ నోటుబుక్కు, పెన్సిలు, రబ్బరు ఉంటే చాలు.

అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు గళ్ళు తీసుకోండి. తెలుగులో ఒక అక్షరానికి ఒక గడి. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ ఆ గడిలోనే. అంటే అక్షాంశానికి అ, క్షాం, శం అని మూడే గళ్ళు. రెండు మాటలు కలిసేచోట అక్షరం గుణింతంతో సహా ఒకటే అవ్వాలి. 'ఖ' ఉన్న గడిలో 'ఖాం' కుదరదు. నాకు మొదట్లో ఇక్కడే తంటా వచ్చింది.

పై వరుసలో మొదటి గడి నుంచి పీఠభూమి రాయండి. అందులో 'భూ' నుంచి కిందికి భూమధ్యరేఖ. దాని 'రే' నుంచి అడ్డంగా రేఖాంశం. ఐదో నిలువు వరుసలో రెండో గడి నుంచి అక్షాంశం రాస్తే, దాని 'శం' రేఖాంశంలోని 'శం' మీదే వచ్చి కూర్చుంటుంది. అడుగున భూమధ్యరేఖ చివరి 'ఖ'తో అడ్డంగా శాఖ. మిగిలిన పన్నెండు గళ్ళూ నల్లగా నింపి, మాట మొదలయ్యే గళ్ళకు అంకెలు వేసి, ఖాళీ గళ్ళతో ఇంకో కాగితం మీద దించండి.

ఇక ఆధారాలు. మొదటిసారి అన్నీ తేలికవి ఇచ్చాను. తొమ్మిదో తరగతి మా అబ్బాయి పాలు పొంగేలోగా ముగించేశాడు. రెండోసారి అన్నీ కష్టమైనవి ఇస్తే చిన్నది పెన్సిలు విసిరికొట్టింది. అందుకని ఇప్పుడు ఒకే మాటకు రెండు మూడు రకాల ఆధారాలు రాసి పెట్టుకుంటున్నాను. రేఖాంశానికి తేలికది: "గ్లోబు మీద ఒక ధ్రువం నుంచి ఇంకో ధ్రువానికి నిలువుగా పోయే గీత." కష్టమైనది: "మన దేశపు గడియారాలు 82½ డిగ్రీల తూర్పు ______ ప్రకారం నడుస్తాయి."

కష్టమైన ఆధారం ఇచ్చిన మాటను తగిలే మాటలకు మాత్రం తేలికవే ఇవ్వాలి. భూమధ్యరేఖకు "భూమిని ఉత్తర, దక్షిణ భాగాలుగా సమంగా పంచే గీత", అక్షాంశానికి "గ్లోబు మీద అడ్డంగా చుట్టే గీత, ధ్రువాల వైపు పోయేకొద్దీ చిన్నదవుతుంది" అన్నామనుకోండి, రేఖాంశంలో 'రే', 'శం' పిల్లల చేతికి వచ్చేస్తాయి. ఒక ఆధారంలో ఇంకో జవాబు దూరకుండా చూసుకోండి. భూమధ్యరేఖకు నేను "సున్న డిగ్రీల అక్షాంశం" అని రాసి, మూడో నిలువు జవాబు నేనే చెప్పేశాను!

మొన్న చిన్నది నాలుగో అడ్డంలో ధీమాగా అక్షాంశం రాయబోయింది. మొదటి గడిలో అప్పటికే 'రే' ఉంది. కాసేపు దానికేసి చూసి, "అడ్డగీత కాదమ్మా, నిలువుగీత" అంటూ రబ్బరు తీసుకుంది.