మూడో భాగం దగ్గర తొందరపడే చప్పట్లు

పాశ్చాత్య శాస్త్రీయ కచేరీకి కొత్తగా వెళ్లినవారిని తికమకపెట్టే రచనల్లో చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ ముందుంటుంది. 1893లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తొలిసారి వినిపించిన ఈ రచనలో నాలుగు భాగాలున్నాయి. మూడోది కవాతులా ఉరకలేస్తూ, డ్రమ్ముల హోరుతో ముగుస్తుంది. అంతా అయిపోయిందనుకుని శ్రోతలు చప్పట్లు కొట్టేయడం తరచూ జరిగేదే.

అసలు ముగింపు ఇంకా ఉంది. నాలుగో భాగం శోకంగా మొదలై, చెల్లోలు, డబుల్ బేస్‌ల మంద్రస్వరాల్లో సన్నగిల్లి ఆగిపోతుంది. ఆ విషాదం మనసుకు తగలాలనే కొందరు కండక్టర్లు మూడోది పూర్తికాగానే చేతులు దించకుండా నాలుగో భాగంలోకి వెళ్లిపోతారు.

కొత్తవారికి ఆ చేతులే గుర్తు. అవి గాల్లో ఉన్నంతసేపూ సంగీతం నడుస్తున్నట్టే. చేతులు దించినా కండక్టర్ వాద్యబృందం వైపే చూస్తుంటే అది రెండు భాగాల మధ్య విరామం కావచ్చు. దగ్గు ఆపుకున్నవారు దగ్గడానికి, కుర్చీలో సర్దుకోవడానికి అదే అదను. ఆయన శ్రోతలవైపు తిరిగితే ఇక చప్పట్లు కొట్టవచ్చు. కార్యక్రమ పత్రంలో భాగాల పేర్లు వరుసగా ఉంటాయి, లెక్కపెట్టుకుంటే మరీ మంచిది.

ఎవరైనా ముందే కొడితే గుర్రుగా చూడటం మాత్రం అన్యాయం. 1778లో పారిస్‌లో తన సింఫనీ నడుస్తుండగానే చప్పట్లు మోగాయని మొజార్ట్ తండ్రికి సంతోషంగా ఉత్తరం రాశాడు. ఒపెరాలోనైతే ఇప్పటికీ పేరున్న పాట ముగియగానే, కథ మధ్యలోనే చప్పట్లు పడతాయి.