కుక్క చెవి: స్లైడు చెప్పేది, చెప్పనిది

కుక్క తల విదిలిస్తుంటుంది. వెనక కాలితో చెవి గోక్కుంటూ కుయ్యోమంటుంది. చెవి ఎత్తి చూస్తే లోపల ఎర్రగా ఉండి, గోధుమరంగు జిడ్డు కనిపిస్తుంది, వాసన వేస్తుంది. పోయినసారి మిగిలిన చుక్కల మందు అలమరలో ఉంటుంది కదా, అదే వేస్తారు. వారంలో తగ్గిపోతుంది. రెండు మూడు నెలలకు మళ్లీ మొదలవుతుంది. ఈసారి మందుల షాపువాడు ఇంకో సీసా ఇస్తాడు. ఇలా ఏడాదో ఏడాదిన్నరో గడిచాక ‘ఏ మందూ పనిచేయడం లేదు డాక్టరుగారూ’ అంటూ ఆసుపత్రికి వస్తారు. చాలాసార్లు తప్పు మందుది కాదు. ఆ చెవిలో ఏముందో ఎవరూ చూడలేదు, అది అక్కడికి ఎందుకు చేరిందో ఎవరూ అడగలేదు.

కర్ణభేరికి ఇవతల ఉన్న నాళం వాచి, పాచిపోయే ఈ జబ్బును వైద్యులు ఒటైటిస్ ఎక్స్‌టర్నా అంటారు. కుక్కల్లో ఇది ఇంత మొండిగా ఉండటానికి చెవి నిర్మాణం కూడా కొంత కారణం. మన చెవి నాళం పొట్టిది, దాదాపు అడ్డంగా ఉంటుంది. కుక్క చెవి నాళం ముందు నిలువుగా కిందికి దిగి, అక్కడ మలుపు తిరిగి, అడ్డంగా లోపలికి పోయి కర్ణభేరిని చేరుతుంది. ఇంట్లో టార్చిలైటు వేసి చూసినా మనకు కనిపించేది నిలువు భాగం పైఅంచే. అసలు గొడవంతా మలుపు కింద జరుగుతుంది. ఇయర్ బడ్‌తో శుభ్రం చేస్తే పైనున్న మురికి ఆ మలుపులోకి ఇంకా దిగబడుతుంది.

లోపల ఏముందో తెలుసుకోవడానికి ఉన్న పరీక్ష చాలా చిన్నది. పేరు సైటాలజీ. చెవి కడగకముందే, చుక్కలు వేయకముందే దూది పుల్లను నిలువు నాళం అడుగుదాకా నెమ్మదిగా దించి, ఒక చుట్టు తిప్పి తీస్తారు. దాన్ని గాజు స్లైడు మీద దొర్లిస్తారు. రుద్దకూడదు, రుద్దితే కణాలు చిట్లిపోతాయి. రెండు చెవులకూ వేరువేరు పుల్లలు, వేరువేరు గుర్తులు ఉండాలి. ఎందుకంటే ఒకే కుక్కకు కుడి చెవిలో ఒకటి, ఎడమ చెవిలో మరొకటి ఉండటం అరుదేమీ కాదు. ఆరిన స్లైడును వరుసగా మూడు రంగు ద్రావణాల్లో ముంచి, కడిగి, ఆరబెట్టి మైక్రోస్కోపు కింద పెడతారు. పది పదిహేను నిమిషాల్లో పని అయిపోతుంది.

ఈస్టు ఉంటే దాన్ని పోల్చుకోవడం తేలిక. మలసేజియా అనే ఈ జీవి నడుము నొక్కుకున్న వేరుశనగ కాయలా, ముదురు ఊదా రంగులో కనిపిస్తుంది. చర్మకణాల మీద గుంపులుగా అతుక్కుని ఉంటుంది. బాక్టీరియా దీనికంటే బాగా చిన్నవి. వాటిని సరిగ్గా చూడాలంటే నూనె చుక్క వేసి వెయ్యి రెట్లు పెద్దది చేసి చూడాలి. గుండ్రని చుక్కలు జంటలుగా, గుత్తులుగా ఉంటే అవి కాకై. కుక్క చెవిలో ఇవి ఎక్కువగా స్టఫిలోకాకస్ జాతివి. సన్నని కడ్డీల్లా ఉంటే రాడ్స్. రాడ్స్ కనిపించగానే వైద్యుడు జాగ్రత్త పడాలి, ఎందుకంటే సూడోమోనాస్ అనే మొండి బాక్టీరియా ఆ రూపంలోనే ఉంటుంది. చర్మకణాల్లోని నల్లని మెలనిన్ రేణువులు, సరిగ్గా కడగని రంగు చుక్కలు అచ్చం బాక్టీరియాలాగే కనిపించి కొత్తవాళ్లను తికమక పెడతాయి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మలసేజియా, స్టఫిలోకాకస్ రెండూ ఆరోగ్యమైన కుక్క చర్మం మీద మామూలుగా ఉండేవే. కాబట్టి ‘ఉన్నాయా’ అని అడిగితే సరిపోదు, ‘ఎన్ని ఉన్నాయి’ అని అడగాలి. నాలుగువందల రెట్లు పెద్దది చేసి చూసినప్పుడు కంటికి ఆనే ఒక వృత్తంలో ఒకటి రెండు ఈస్టులుంటే వైద్యులు పట్టించుకోరు. సగటున ఐదు దాటితే ఎక్కువైనట్టు. బాక్టీరియాకైతే ఆ గీత దాదాపు ఇరవై ఐదు. ఈ లెక్కల కంటే కూడా గట్టి సాక్ష్యం ఒకటుంది. మన ఒంట్లో సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్ కణాలు స్లైడు మీద కనిపించి, వాటి కడుపులో బాక్టీరియా ఉంటే, అక్కడ నిజంగా ఇన్‌ఫెక్షన్ నడుస్తోందన్నమాట.

గోధుమరంగు జిడ్డు, పులిసిన వాసన ఉంటే ఈస్టనీ, పచ్చని చీము ఉంటే బాక్టీరియా అనీ కంటితో, ముక్కుతో చెప్పేయడం మనకు అలవాటు. ఆ అంచనా నిజమయ్యే రోజులున్నాయి, ఘోరంగా తప్పే రోజులూ ఉన్నాయి. తప్పితే నష్టం చిన్నది కాదు. ఈస్టుకు యాంటీబయాటిక్ ఏమీ చేయదు. అనవసరంగా వాడిన యాంటీబయాటిక్ మాత్రం ఆ చెవిలో మందుకు లొంగని బాక్టీరియాకు చోటిస్తుంది.

ఇదంతా ఎలా ముదురుతుందో చూడటానికి, ఆసుపత్రుల్లో తరచూ ఎదురయ్యే తరహా కేసు ఒకటి తీసుకుందాం. నాలుగేళ్ల లాబ్రడార్. మొదటిసారి చెవి పాడైంది వానాకాలంలో, మూడో ఏట. స్లైడు లేదు. ఈస్టుకు, బాక్టీరియాకు, వాపుకు మూడింటికీ కలిపి ఉన్న చుక్కలు ఇచ్చారు, తగ్గింది. ఆ సీసాలోని స్టిరాయిడ్ వాపునీ దురదనూ వెంటనే తగ్గిస్తుంది కాబట్టి నాలుగో రోజుకే కుక్క హాయిగా ఉంది, ఇంటివాళ్లు మందు ఆపేశారు. మళ్లీ రావడం, మళ్లీ అవే చుక్కలు, మళ్లీ మధ్యలో ఆపడం. ఐదోసారికి కుడి చెవి ముట్టుకోనివ్వడం లేదు. పసుపుపచ్చ జిగట చీము, భరించలేని వాసన. అన్నం నమలాలంటే కూడా నొప్పి.

ఇప్పుడు తీసిన స్లైడులో ఎడమ చెవిలో ఈస్టు ఒక్కటే ఉంది. కుడి చెవిలో ఈస్టు జాడ లేదు, నిండా రాడ్స్, న్యూట్రోఫిల్స్. ఇన్నాళ్లూ రెండు చెవులకూ వేస్తున్నది ఒకే మందు! రాడ్స్ కనబడ్డాయి కాబట్టి కుడి చెవి నుంచి నమూనా కల్చర్‌కు పంపారు, సూడోమోనాస్ అని తేలింది. కల్చర్ రిపోర్టు చదవడంలోనూ ఒక మెలిక ఉంది. ఏ మందుకు లొంగుతుంది, ఏ మందుకు లొంగదు అని ల్యాబ్ చెప్పేది మందు రక్తంలో చేరే మోతాదును బట్టి. చుక్కలుగా వేసినప్పుడు చెవిలో మందు గాఢత దానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. అందుకే ‘లొంగదు’ అని రాసిన మందు కూడా చెవిలో పనిచేయవచ్చు. రిపోర్టుతో పాటు చెవినీ, వారం వారం స్లైడునూ చూస్తూ నిర్ణయించాలి.

నమిలితే నొప్పి అన్న మాట దగ్గర వైద్యుడు ఆగాలి. అది మధ్య చెవి గురించిన హెచ్చరిక. తల ఒకవైపు వాలడం, ముఖం ఒక పక్క జారడం, వినపడకపోవడం కూడా అలాంటివే. దీర్ఘకాలంగా చెవి బాధపడుతున్న కుక్కల్లో సగానికి పైగా వాటికి కర్ణభేరి అవతల కూడా జబ్బు ఉంటుంది. కర్ణభేరి చిల్లు పడి మళ్లీ మూసుకుని, చీము అవతలే చిక్కుకుపోవడమూ ఉంది. అలాంటప్పుడు బయట నుంచి ఎన్ని చుక్కలు పోసినా అక్కడికి చేరవు.

ఈ కుక్కకు ముందు కొన్ని రోజులు నోటి ద్వారా స్టిరాయిడ్ ఇచ్చి, వాచి మూసుకుపోయిన నాళాన్ని తెరిపించారు. తర్వాత మత్తిచ్చి సీటీ స్కాన్ తీశారు. మధ్య చెవి గదిలో చీము ఉంది. గొంతులో గొట్టం అమర్చి, వీడియో ఒటోస్కోపుతో చూస్తూ గోరువెచ్చని సెలైన్‌తో లోపలిదాకా కడిగారు. గొంతులో గొట్టం ఎందుకంటే, మధ్య చెవిలోంచి నీళ్లు గొంతులోకి దిగి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. సూడోమోనాస్ తన చుట్టూ జిగట పొర కట్టుకుని దాక్కుంటుంది, మందు ఆ పొరను దాటలేదు. అందుకే చుక్కలు వేసే ముందు ట్రిస్ ఈడీటీఏ అనే ద్రావణంతో చెవిని తడిపి, పావుగంట ఆగి, అప్పుడు యాంటీబయాటిక్ వేయమన్నారు. కర్ణభేరి దెబ్బతిని ఉంటే కొన్ని మందులు వినికిడినే పోగొట్టవచ్చు కాబట్టి అలాంటి చెవికి తగిన మందే ఎంచుకోవాలి. ఇంట్లో ఎవరికో తెచ్చిన చెవి మందు కుక్కకు వేయొద్దనేది ఇందుకే.

కొన్ని వారాలకు కుడి చెవి స్లైడులో బాక్టీరియా, న్యూట్రోఫిల్స్ రెండూ పోయాయి. చాలామంది ఇక్కడితో బిల్లు కట్టి వెళ్లిపోతారు. కానీ స్లైడు చెప్పగలిగేది ఇంతవరకే. చెవిలో ఎవరు చేరారో చెబుతుంది, ఎందుకు చేరారో చెప్పదు. ఈస్టూ బాక్టీరియా చాలావరకు వెనక వచ్చేవే. ముందు చర్మం వాచి, చెమ్మగా, జిడ్డుగా మారాలి, అప్పుడే అవి పెచ్చుపెరుగుతాయి. చెవి గోమారి, చెవిలో ఇరుక్కున్న గడ్డి ముల్లు, థైరాయిడ్ లోపం, ముసలి కుక్క ఒక్క చెవిలోనే జబ్బయితే లోపల కంతి — ఇవన్నీ వెతకాలి. పదేపదే రెండు చెవులూ పాడయ్యే పడుచు కుక్కల్లో మాత్రం మొదటి అనుమానం అలర్జీ మీదికే పోవాలి. కొన్ని కుక్కల్లో అలర్జీ చెవుల్లో తప్ప ఇంకెక్కడా కనిపించదు.

మన లాబ్రడార్ రెండేళ్ల వయసు నుంచీ పాదాలు నాకుతోందని అడిగితేనే చెప్పారు. అలవాటేమో అనుకున్నారట. గోమారి లేదు, ఈగుల మందు క్రమంగా వేస్తున్నారు. ఇక ఆహార పరీక్ష. ఎనిమిది వారాల పాటు అలర్జీ కలిగించలేనంత చిన్న ముక్కలుగా విరగ్గొట్టిన ప్రొటీన్ ఉండే ప్రత్యేక ఆహారం తప్ప మరేదీ నోట్లో పడకూడదు. పెరుగన్నం ముద్ద, బిస్కెట్టు ముక్క, కోడి రుచి కలిపిన నట్టల మాత్ర, ఏది పడినా పరీక్ష చెడినట్టే. మన ఇళ్లలో ఈ పరీక్ష దెబ్బతినేది ఎక్కువగా ఇంట్లో పెద్దవాళ్ల ప్రేమ వల్ల, కాబట్టి వాళ్లను కూర్చోబెట్టి చెప్పాల్సిందే. రక్త పరీక్షతో ఆహార అలర్జీ తేల్చవచ్చని నమ్మి డబ్బు పోగొట్టుకోకండి, ఆ ఫలితాలు నమ్మదగ్గవి కావు.

ఎనిమిది వారాల తర్వాత కూడా దురద తగ్గలేదు. అదీ సమాధానమే. ఆహారం కాదని తేలింది, ధూళి, పుప్పొడి లాంటి వాటివల్ల వచ్చే అటోపీ మిగిలింది. అది నయమయ్యేది కాదు, అదుపులో పెట్టుకునేది. దురద తగ్గించే మాత్ర రోజూ వేస్తూ, వారానికి రెండుసార్లు చెవిలో స్టిరాయిడ్ చుక్కలు వేస్తూ, కొన్ని నెలలకోసారి స్లైడు చూపించుకుంటూ గడిపితే ఆ కుక్క సుఖంగా ఉంటుంది. ఇదే పని మొదటి ఏడాదిలో చేసి ఉంటే స్కాన్, మత్తు, నెలల నొప్పి చాలావరకు తప్పేవి. ఇంకా ఆలస్యం చేస్తే నాళం గోడలు గట్టిపడి, సున్నం పట్టి, శాశ్వతంగా మూసుకుపోతాయి. అప్పుడు మిగిలేది నాళం మొత్తాన్ని తీసేసే పెద్ద ఆపరేషనే.

కాబట్టి మీ కుక్క చెవి రెండోసారి పాడైతే, మందు రాయించుకునే ముందు ‘స్లైడు చూశారా? రెండు చెవులదీనా?’ అని అడగండి. మీ ఊళ్లో ఆ సౌకర్యం లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలో ఉన్న పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అడిగి చూడండి. చెవి బాగుపడినట్టు కనిపించినా మందు మధ్యలో ఆపకండి, రెండు వారాలకు తిరిగి స్లైడు తీయించండి. ఏడాదిలో మూడోసారి వస్తే మాత్రం కొత్త చుక్కల మందు అడగొద్దు. కారణం వెతకమని అడగండి.