మట్టి కుండలో నీరు ఎంతవరకు చల్లబడుతుంది? శక్తి సమతుల్యతతో ఒక లెక్క

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

- కుండలోని నీరు చల్లబడటానికి కారణాన్ని శక్తి సమతుల్యతతో వివరించగలుగుతారు;
- కుండ బరువులో తగ్గుదలను బట్టి నీటి ఉష్ణోగ్రత ఎంత తగ్గుతుందో లెక్కించగలుగుతారు;
- తేమ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో ఈ చల్లదనానికి ఉన్న హద్దును గుర్తించగలుగుతారు.

1. పరిచయం

మే నెల మధ్యాహ్నం ఉండిలో బస్సు దిగి, చలివేంద్రం దగ్గర ఆగారనుకోండి. గ్లాసుతో కుండ నీళ్లు అందిస్తారు. చల్లగానే ఉంటాయి గాని, పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండవు. అనంతపురం నుంచి వచ్చిన బంధువు ఆ నీళ్లే తాగి, "మా ఊళ్లో కుండ నీళ్లు ఇంతకంటే చల్లగా ఉంటాయి" అంటాడు. ఆయన ఊళ్లో ఎండ ఉండి కంటే ఎక్కువ. మరి నీళ్లు ఎక్కువ చల్లగా ఎలా ఉంటాయి? కుండలు మంచివా, మట్టి వేరా?

మట్టిలో తేడా కొంత ఉండవచ్చు. కాని అసలు కారణం గాలిలో ఉంది. ఉండి చుట్టూ వరిచేలు, చేపల చెరువులు, కాలువలు ఉన్నాయి. ఒక పక్క కొల్లేరు, మరో పక్క సముద్రం ఎంతో దూరం కాదు. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమ కుండ నీటి చల్లదనానికి ఎలా హద్దు గీస్తుందో ఈ భాగంలో లెక్కతో చూద్దాం.

2. కుండ గోడలో జరిగేది

కాల్చిన మట్టి గోడలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. లోపలి నీరు వీటి గుండా మెల్లగా బయటి ముఖానికి చేరుతుంది. దీన్నే మనం కుండ చెమర్చడం అంటాం. బయటి ముఖం మీద తడి పలుచగా పరచుకుని, గాలిలోకి ఆవిరవుతూ ఉంటుంది.

ద్రవంలోని అణువులు ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి. ఆ పట్టు విడిపించుకుని గాలిలోకి పోవడానికి శక్తి కావాలి. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి, మనం తీసుకునే ఉష్ణోగ్రతల దగ్గర, సుమారు 2.43 కిలోజౌళ్ల ఉష్ణం అవసరం. దీనిని బాష్పీభవన గుప్తోష్ణం అంటారు. ఈ ఉష్ణం ముందుగా తడిసిన గోడ నుంచి, గోడ ద్వారా లోపలి నీటి నుంచి వస్తుంది. అందువల్ల నీరు చల్లబడుతుంది.

ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే దాని నుంచి 4.2 కిలోజౌళ్లు తీస్తే చాలు. అంటే ఆవిరైన ఒక్క గ్రాము నీరు దాదాపు 580 గ్రాముల నీటిని ఒక డిగ్రీ చల్లబరచగలదు. కుండలో నీటిమట్టం పెద్దగా తగ్గకుండానే నీరు చల్లబడటానికి కారణం ఇదే.

3. శక్తి సమతుల్యత సమీకరణం

పై మాటలు కథలో సగమే. నీరు చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడిన మరుక్షణం నుంచి, బయటి ఉష్ణం కుండలోకి రావడం మొదలవుతుంది. కొంత గాలి తాకిడి వల్ల సంవహనం ద్వారా వస్తుంది. మిగతాది వేడెక్కిన గోడలు, పైకప్పు నుంచి వికిరణం ద్వారా వస్తుంది. కనుక ఒక నిర్దిష్ట కాలానికి ఇలా రాయవచ్చు:

నీరు, కుండ కోల్పోయిన ఉష్ణం = ఆవిరి తీసుకుపోయిన ఉష్ణం − బయటి నుంచి లోపలికి వచ్చిన ఉష్ణం

గుర్తులలో:

C·ΔT = m·L − h·A·(Tₐ − Tₚ)·t

ఇక్కడ C అనేది నీరు, కుండ కలిసిన ఉష్ణధారణ, ΔT ఉష్ణోగ్రతలో తగ్గుదల, m ఆవిరైన నీటి ద్రవ్యరాశి, L గుప్తోష్ణం, A కుండ బయటి తడి వైశాల్యం, Tₐ గాలి ఉష్ణోగ్రత, Tₚ ఆ కాలంలో కుండ సగటు ఉష్ణోగ్రత, t కాలం. h అనేది ఉష్ణ బదిలీ గుణకం. గాలి పెద్దగా కదలని గదిలో సంవహనం, వికిరణం రెండూ కలిపి దీనిని చదరపు మీటరుకు, డిగ్రీకి 10 వాట్లుగా తీసుకోవచ్చు.

4. ఉదాహరణ: 10 లీటర్ల కుండ

మే నెలలో గాలి 36 డిగ్రీల సెల్సియస్, సాపేక్ష ఆర్ద్రత 50 శాతం అనుకుందాం. క్యాను నుంచి 10 లీటర్ల నీటిని అప్పటికే తడిసి ఉన్న కుండలో పోశారు. ఆ నీరు కూడా 36 డిగ్రీలే. కుండ బయటి వైశాల్యం 0.25 చదరపు మీటర్లు. నీటి ఉష్ణధారణ డిగ్రీకి 42 కిలోజౌళ్లు, మట్టిది సుమారు 3; మొత్తం C = 45.

కుండను తూకం మీద పెడితే మొదటి గంటలో 55 గ్రాములు తగ్గిందనుకుందాం.

ఆవిరి తీసుకుపోయిన ఉష్ణం: 55 × 2.43 = 134 కిలోజౌళ్లు.

ఈ గంటలో గాలికీ కుండకూ సగటు తేడా సుమారు 1.5 డిగ్రీలు. లోపలికి వచ్చిన ఉష్ణం: 10 × 0.25 × 1.5 × 3600 = 13,500 జౌళ్లు, అంటే 13.5 కిలోజౌళ్లు.

మిగిలింది సుమారు 120 కిలోజౌళ్లు. దీనిని 45తో భాగిస్తే 2.7 డిగ్రీలు. గంట గడిచేసరికి నీరు 33.3 డిగ్రీలకు దిగింది.

రెండో గంటలో కూడా ఇంతే తగ్గుతుందా? తగ్గదు. చల్లబడిన ఉపరితలం నుంచి నీరు నెమ్మదిగా ఆవిరవుతుంది. అదే సమయంలో లోపలికి వచ్చే ఉష్ణం పెరుగుతుంది. ఈ లెక్కను కొనసాగిస్తే రెండు గంటలకు 31.7, నాలుగు గంటలకు 30 డిగ్రీలు వస్తాయి. చివరకు 29 డిగ్రీల దగ్గర నీరు ఆగిపోతుంది.

ఆగిపోవడమంటే ఆవిరి కావడం ఆగిందని కాదు. పోయే ఉష్ణం, వచ్చే ఉష్ణం సమానమయ్యాయని అర్థం. దీనిని స్థిరస్థితి అంటారు. అప్పుడు ΔT సున్నా కనుక m·L = h·A·(Tₐ − Tₚ)·t. గంటకు వచ్చే ఉష్ణం 10 × 0.25 × 7 × 3600 = 63 కిలోజౌళ్లు. దీనిని 2.43తో భాగిస్తే 26 గ్రాములు. అంటే కుండ గంటకు 26 గ్రాముల నీటిని, చల్లదనాన్ని పెంచడానికి కాదు, నిలుపుకోవడానికి ఖర్చు చేస్తోంది.

5. దాటలేని హద్దు: తడి బల్బు ఉష్ణోగ్రత

ఒక థర్మామీటరు బల్బుకు తడి గుడ్డ చుట్టి విసనకర్రతో బాగా విసరండి. అది చూపే అతి తక్కువ విలువే తడి బల్బు ఉష్ణోగ్రత. మన ఉదాహరణలోని గాలికి అది 27 డిగ్రీలు. బాష్పీభవనం ఒక్కదానితో ఏ కుండా దీనికంటే కిందికి దిగలేదు.

మరి మన కుండ 29 దగ్గరే ఎందుకు ఆగింది? గోడలు, కప్పు నుంచి వచ్చే వికిరణమే కారణం. గాలి వీస్తే బాష్పీభవనం, సంవహనం రెండూ ఒకే పాళ్లలో పెరుగుతాయి; వికిరణం మాత్రం పెరగదు. అందుకే మంచి గాలి తగిలే వరండాలో అదే కుండ 28 దాకా వస్తుంది, త్వరగా కూడా చల్లబడుతుంది. ఎంత గాలి వీచినా 27 దాటదు. కుండ మీద ఎండ పడితే మాత్రం లోపలికి వచ్చే ఉష్ణం బాగా పెరిగి లెక్కంతా తారుమారవుతుంది.

ఇప్పుడు బంధువు మాటకు జవాబు చూడండి.

| గాలి | ఉష్ణోగ్రత | ఆర్ద్రత | తడి బల్బు | గదిలో కుండ నీరు |
|---|---|---|---|---|
| ఉండి, మే | 36 | 50% | 27 | 29 |
| అనంతపురం, మే | 40 | 20% | 22 | 27 |
| ఉండి, జులై | 30 | 85% | 28 | 28.4 |

(ఇవి లెక్క కోసం తీసుకున్న నమూనా విలువలు, ఏ ఒక్క రోజు కొలతలూ కావు.)

అనంతపురంలో గాలి 4 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నా కుండ నీరు 2 డిగ్రీలు తక్కువ. పొడి గాలి నీటిని వేగంగా తీసుకుంటుంది. ఆయన మాట నిజమే. ఘనత మాత్రం కుండది కాదు.

చివరి వరుసను మళ్లీ చూడండి. వానాకాలంలో కుండ పనిచేయడం మానేసిందని అనుకుంటాం. నిజానికి జులైలో నీటి ఉష్ణోగ్రత మే నెలలో ఉన్నంతే ఉంది. తగ్గింది గాలికీ నీటికీ మధ్య తేడా. మన నోటికి తెలిసేది ఆ తేడాయే.

6. కుండ సరిగా చల్లబరచకపోతే

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి తూకమే మంచి సాధనం. కుండను నింపి, తుడవకుండా తూచి, గంట తరువాత మళ్లీ తూచండి.

బరువు దాదాపు తగ్గకపోతే రంధ్రాలు మూసుకుపోయాయన్న మాట. అందం కోసం బయట ఎనామెల్ రంగు వేసిన కుండలు ఇలాగే ఉంటాయి. ఉప్పు శాతం ఎక్కువైన నీరు పోసినా, నీరు ఆవిరై లవణం గోడలోనే మిగిలిపోయి తెల్లని పొరగా పేరుకుంటుంది. అటువంటి కుండను పీచుతో రుద్ది కడిగితే కొంత మెరుగవుతుంది. లోతుగా మూసుకుపోతే మార్చవలసిందే.

బరువు బాగా తగ్గినా నీరు చల్లబడకపోతే కింద పళ్లెం పెట్టి చూడండి. కారిపోయిన చుక్క గుప్తోష్ణాన్ని తీసుకుపోదు. పళ్లెంలో పడిన నీటి బరువును తగ్గుదల నుంచి తీసివేసి, మిగిలిన దానినే సమీకరణంలో m గా వాడాలి.

రెండూ సరిగా ఉండి నీరు వెచ్చగానే ఉంటే, నింపే వేళను చూడండి. సగం ఖాళీ అయిన కుండలో 29 డిగ్రీల నీరు 5 లీటర్లుంది. అందులో 36 డిగ్రీల నీరు 5 లీటర్లు పోస్తే మొత్తం 32.5 డిగ్రీలవుతుంది. మళ్లీ 30కి దిగడానికి సుమారు రెండున్నర గంటలు పడుతుంది. చలివేంద్రంలో ఒకే కుండను మాటిమాటికీ నింపితే మధ్యాహ్నం వచ్చినవారికి ఎప్పుడూ వెచ్చని నీళ్లే అందుతాయి. కుండలన్నీ రాత్రే నింపి, ఒకటి పూర్తిగా ఖాళీ అయ్యాకే మరొకటి మొదలుపెట్టడం మేలు.

ఒక జాగ్రత్త: బాష్పీభవనం నీటిని చల్లబరుస్తుంది గాని శుభ్రపరచదు. కుండలో పోసే నీరు ముందే శుద్ధి చేసినదై ఉండాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. రంగు వేసిన 10 లీటర్ల కుండ గంటలో 4 గ్రాములే తగ్గింది. నీరు మొదట గాలి ఉష్ణోగ్రత వద్దే ఉంది. ఎంత చల్లబడింది?
2. ఒక కుండ గంటలో 30 గ్రాములు తగ్గింది. పళ్లెంలో 10 గ్రాములు పడ్డాయి. ఆవిరి తీసుకుపోయిన ఉష్ణం ఎంత?
3. జులైలో తడి బల్బు 28 డిగ్రీలు ఉన్నప్పుడు ఫ్యాను పెట్టి కుండ నీటిని 26 డిగ్రీలకు దించగలమా?

జవాబులు

1. 4 × 2.43 = 9.7 కిలోజౌళ్లు; 45తో భాగిస్తే సుమారు 0.2 డిగ్రీలు. లోపలికి వచ్చిన ఉష్ణం లెక్కకు రానంత తక్కువ.
2. ఆవిరైనది 20 గ్రాములు, 48.6 కిలోజౌళ్లు.
3. దించలేం. ఫ్యాను నీటిని 28కి దగ్గర చేస్తుంది, అంతకు దిగువకు తీసుకుపోదు.