ఎం-బుక్‌లో ఎక్కిన 11 సెంటీమీటర్లు

రిటైర్మెంటు సభలో శాలువాలు, దండలు అయ్యాక నాలుగు మాటలు మాట్లాడటం రివాజు. తెలంగాణ పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగంలో 61 ఏళ్లు నిండి దిగిపోయిన ఒక డిప్యూటీ ఇంజనీరు తన వంతు వచ్చినప్పుడు పోస్టింగుల ఊసెత్తలేదు. లంచం వద్దన్న రోజు గురించే చెప్పారు. పేరు రాయొద్దన్నది ఆయన షరతు.

అదొక పల్లెలో సిమెంటు రోడ్డు. పొడవు 200 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 15 సెంటీమీటర్లు. అంటే 90 ఘనపు మీటర్ల కాంక్రీటు పడాలి. కొలతలు తీసి ఎం-బుక్‌లో ఎక్కించడం ఏఈ పని, వాటిని సరిచూసి సంతకం పెట్టడం డిప్యూటీ పని. ఆ సంతకం పడితేనే బిల్లు కదులుతుంది. కాంట్రాక్టరు మనిషి ఆఫీసుకొచ్చి, ఎం-బుక్ కింద కవరు పెట్టి, "చూసుకోండి సార్" అని లేచాడు.

సభలో కొత్త ఏఈలు చెవులు రిక్కించింది ఇక్కడే. ఆ కవరును ఆయన ముట్టుకోలేదు, బల్ల మీద వదిలేయనూ లేదు. అకౌంటెంటును, అటెండరును పిలిచి, వాళ్లు చూస్తుండగా దాన్ని తెచ్చినవాడి చేతనే తీయించారు. లంచం కేసులో డబ్బు దొరికితేనే నేరం రుజువైపోదు. అడిగి తీసుకున్నారని తేలాలని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో చెప్పింది. కానీ కోర్టు దాకా వెళ్లి నిర్దోషి అనిపించుకోవడానికి ఏళ్లు పడుతుంది. సొరుగులో వదిలేసిన కవరు, తీసుకోని మనిషిని కూడా ఇరికించగలదు.

మర్నాడు ఆయన రోడ్డుకు మూడుచోట్ల కోర్ తీయించారు. యంత్రం కోసి తీసిన గుండ్రటి ముక్కను స్కేలుతో కొలిస్తే మందం ఇట్టే తెలిసిపోతుంది. సగటు 11 సెంటీమీటర్లే వచ్చింది. అంటే పడింది 66 ఘనపు మీటర్లు. కవరు ఎందుకొచ్చిందో ఆ 24 ఘనపు మీటర్ల తేడా చెప్పింది. ఆ 11 అంకెనే ఎం-బుక్‌లో రాసి, బిల్లు వెనక్కి పంపారు.

అప్పట్లో ఏసీబీకి ఎందుకు చెప్పలేదని ఒక ఏఈ అడిగాడు. వద్దంటే చాలనుకున్నానని ఆయన ఒప్పుకున్నారు. 2018 సవరణతో అవినీతి నిరోధక చట్టంలో లంచం ఇవ్వడం, ఇస్తామనడం కూడా నేరుగా శిక్షార్హమయ్యాయి. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తేనే మినహాయింపు. ఇప్పుడైతే 1064కు ఫోన్ చేసేవాడినన్నారు.

చివరగా ఊరివాళ్లను ఉద్దేశించి ఒక సంగతి చెప్పారు. 2005 సమాచార హక్కు చట్టం కింద ఎం-బుక్ నకలు అడగొచ్చు. పనిని స్వయంగా తనిఖీ చేయొచ్చు, ధ్రువీకరించిన నమూనా కూడా తీసుకోవచ్చు. అడగాల్సింది బిల్లు పాసయ్యాక కాదు, రోడ్డు పడిన వారంలోనే అన్నారు.