మూలాలెన్నో గుర్తులే చెబుతాయి

x³ − 3x + 1 విలువ x = 0 దగ్గర 1, x = 2 దగ్గర 3. రెండూ ధనమే కదా, మధ్యలో మూలాలు లేవనుకుంటే తప్పు. ఉన్నాయో లేవో, ఉంటే ఎన్నో కచ్చితంగా చెప్పే పద్ధతిని జెనీవాలో పుట్టిన స్టర్మ్ 1829లో ప్యారిస్‌లో ప్రకటించాడు.

బహుపది కింద దాని అవకలజం 3x² − 3 రాయాలి. ధనసంఖ్యతో భాగించుకోవచ్చు కాబట్టి x² − 1 చాలు. దీంతో మొదటిదాన్ని భాగిస్తే శేషం −2x + 1. కిటుకంతా ఇక్కడే: శేషానికి గుర్తు మార్చి 2x − 1 రాయాలి. మరోసారి భాగిస్తే శేషం −3/4, గుర్తు మారిస్తే 3/4. వరుస పూర్తయింది.

x = 0 దగ్గర ఈ నాలుగింటి గుర్తులు +, −, −, +. గుర్తు రెండుసార్లు మారింది. x = 2 దగ్గర అన్నీ ధనమే, మార్పు సున్నా. తేడా 2, అంటే మధ్యలో రెండు మూలాలు. అవి సుమారు 0.347, 1.532.

గుర్తు మార్చడం మరిస్తే లెక్క నమ్మలేం. ఒకే మూలం పదేపదే వచ్చే బహుపదిలో వరుస స్థిరసంఖ్యతో ముగియదు. అయినా హద్దుల దగ్గర మూలం లేకపోతే ఆ మూలం ఒక్కసారే లెక్కకొస్తుంది. కంప్యూటర్లో దశాంశాలు వాడితే మాత్రం సున్నా కావాల్సిన శేషం చిన్న సంఖ్యగా మిగిలిపోతుంది. అందుకే భిన్నాలతోనే చేయాలి, అవి ఎంత పొడుగు పెరిగినా సరే.