పోపు వాసన కుళ్లు కంపుగా మారినప్పుడు

జలుబు, ఫ్లూ, కొవిడ్ వంటి వైరస్ జబ్బులు తగ్గాక కొందరికి బాగా తెలిసిన వాసనలే తప్పుగా తగలడం మొదలవుతుంది. కాఫీ కాలిన రబ్బరులా, వేగుతున్న ఉల్లిపాయ చచ్చిన ఎలుకలా, కోడిగుడ్డు మురుగు కాలువలా కంపు కొడతాయి. ఈ స్థితిని వైద్యులు పారోస్మియా అంటారు. చుట్టుపక్కల ఏమీ లేకుండానే కంపు వస్తే అది వేరే సమస్య, దాన్ని ఫాంటోస్మియా అంటారు. పారోస్మియాలో వాసన వేసే వస్తువు నిజంగానే ఎదురుగా ఉంటుంది. ఆ వాసన మెదడుకు అందే తీరే చెడుతుంది.

ఇది జబ్బుతో పాటే రాదు. జ్వరంలో వాసన పూర్తిగా పోతుంది, కొన్ని వారాలకు కొంచెం తిరిగి వస్తుంది, ఇక బాగైపోయినట్టే అనుకుంటున్నప్పుడు, చాలామందికి రెండు మూడు నెలలకు, వాసనలు వికటిస్తాయి. ఈ ఎడం వల్లనే దీనికీ పాత జ్వరానికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. నూనె మారుస్తారు, ఫ్రిజ్ కడుగుతారు, గ్యాస్ట్రిక్ మాత్రలు వాడతారు. తినలేకపోతున్న మనిషిని పట్టుకుని వంకలు పెడుతున్నారని ఇంట్లోవాళ్లు అనడం అన్నిటికన్నా బాధాకరం.

ముక్కు లోపల పైకప్పు దగ్గర ఒక చిన్న పొరలో వాసన పట్టే నాడీకణాలు లక్షల సంఖ్యలో ఉంటాయి. వాసన అణువులను పట్టుకునే గ్రాహకాలు మనిషిలో సుమారు 400 రకాలు. ఒక్కో కణం మీద ఒక్క రకమే ఉంటుంది. కాఫీ వాసన అంటే ఒక అణువు కాదు, వందల అణువుల కలయిక. ఏయే కణాలు ఎంతగా స్పందించాయో చూసి మెదడు అది కాఫీ అని పోల్చుకుంటుంది. కొవిడ్ వైరస్ ప్రధానంగా ఈ నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాలను దెబ్బతీస్తుంది, దాంతో నాడీకణాలూ దెబ్బతింటాయి. అయితే ఈ పొర అడుగున ఉన్న మూలకణాలు జీవితాంతం కొత్త నాడీకణాలను పుట్టిస్తూనే ఉంటాయి. కొత్త కణం తన పోగును జల్లెడలాంటి ఎముక గుండా మెదడు అడుగుభాగానికి పంపి, సరైన చోట అతుక్కోవాలి. ఈ పని సగంలో ఉన్నప్పుడు కొన్ని రకాల కణాలు తిరిగి వస్తాయి, కొన్ని ఇంకా రావు. కొన్ని పోగులు తప్పు చోట అతుక్కుంటాయని కూడా శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అక్షరాలు రాలిపోయిన దుకాణం బోర్డును చదివినట్టు, మెదడు అరకొర సమాచారంతోనే వాసనను పోల్చుకోవాల్సి వస్తుంది.

మరి కాఫీయే ఎందుకు? బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో జేన్ పార్కర్ బృందం దీన్ని పరిశీలించి 2022లో ఫలితాలు ప్రచురించింది. కాఫీ సువాసనలోని అణువులను యంత్రంతో విడదీసి, ఒక్కొక్కటిగా పారోస్మియా ఉన్నవారికి వాసన చూపించారు. చాలా అణువులు వారిని ఇబ్బంది పెట్టలేదు. కొన్ని మాత్రం భరించలేని కంపుగా తోచాయి. వాటిలో ముందు నిలిచింది 2-ఫ్యూరాన్‌మీథేన్‌థయోల్. మామూలు ముక్కుకు కమ్మని వేయించిన కాఫీ గింజల వాసన ఇచ్చేది ఇదే. ఇలా ఇబ్బంది పెట్టేవాటిలో గంధకం ఉన్న అణువులు, వేపుడులో పుట్టే పైరజీన్లు ఎక్కువ. అతి స్వల్ప పరిమాణంలోనే ముక్కుకు తగలడం వీటి గుణం. బాధితులది అనుమానమో, మనసు తెచ్చిపెట్టుకున్న రోగమో కాదని ఈ ప్రయోగం స్పష్టంగా చూపింది.

వంటింట్లో ఏది గిట్టదో ఈ రసాయనం తెలిస్తే అర్థమవుతుంది. ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ, గుడ్డు, అన్నిటిలోనూ గంధకం ఉన్న పదార్థాలే ఘాటునిస్తాయి. మాంసం, పప్పులు వేగేటప్పుడు కొత్తగా ఇలాంటి అణువులు పుడతాయి. అందుకే ఉడికించినదానికన్నా వేపుడు, చల్లారినదానికన్నా పొగలు కక్కేది ఎక్కువ బాధిస్తాయి. నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి కూడా వాసన ముక్కులోకి ఎక్కుతుంది కాబట్టి, ముక్కు మూసుకుని నోట్లో పెట్టుకున్నా వదిలాక కంపు తెలుస్తుంది. నాలుకకు తెలిసే తీపి, పులుపు, ఉప్పు మాత్రం సాధారణంగా బాగానే ఉంటాయి.

ఒక మామూలు కేసు ఎలా నడుస్తుందో చూద్దాం. నలభై ఏళ్ల గృహిణికి కొవిడ్‌లో వాసన పోయింది, నెలకు కాస్త వచ్చింది. మూడో నెలలో ఒకరోజు పోపు పెడుతుంటే వాంతి వచ్చినంత పనైంది. ఆ తర్వాత కాఫీ, కోడికూర, టూత్‌పేస్టు వరసగా పడకుండా పోయాయి. చల్లటి పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు మాత్రం తినగలుగుతోంది. ఈ దశలో పోపు లేని పప్పు, పనీర్, పాలు, మొలకలతో మాంసకృత్తుల లోటు పూడ్చుకోవాలి, నెలకోసారి బరువు చూసుకోవాలి. ఇంట్లో వేరొకరు వేపుళ్లు చేస్తే, అదీ కిటికీలు తెరిచి చేస్తే ఆమెకు ఊపిరాడుతుంది. ఆరో నెలకు కాఫీ కంపు వాంతి తెప్పించేంత స్థాయి నుంచి చిరాకు పెట్టేంతకు తగ్గుతుంది. ఆపైన అది కాఫీలా ఉండదు గానీ అసహ్యంగానూ ఉండదు. మధ్యలో ఒక వారం మళ్లీ వెనక్కి పోయినట్టు అనిపించడం మామూలే. ఏడాది నుంచి రెండేళ్లలో ఎక్కువమందికి చాలావరకు సర్దుకుంటుంది. కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, కొద్దిమందికి వాసనలు మునుపటిలా కాకుండా కొత్తగానే మిగిలిపోతాయి.

నాడులు తిరిగి పెరుగుతున్న దశలోనే ఇది కనిపిస్తుంది కాబట్టి, చాలా సందర్భాల్లో దీన్ని కోలుకుంటున్న గుర్తుగానే తీసుకోవచ్చు. ఆ ప్రక్రియకు తోడ్పడేలా జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో థామస్ హుమెల్ బృందం 2009లో ప్రచురించిన వాసన సాధన ఇప్పుడు అంతటా వాడుకలో ఉంది. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం, ఈ నాలుగు వాసనలనూ పొద్దున, సాయంత్రం చూడాలి. చిన్న సీసాలో దూది పెట్టి తైలం చుక్కలు వేసి, ఒక్కోదాన్ని పది పదిహేను సెకన్లు నెమ్మదిగా పీలుస్తూ అసలు వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. కనీసం 12 వారాలు, వీలైతే ఇంకా ఎక్కువ కాలం చేయాలి. నాలుగింటిలో ఏదైనా కంపు కొడితే పట్టుదలకు పోకుండా మరొకటి ఎంచుకోవాలి. వాసన పోయినవారికి ఇది పనిచేస్తుందనడానికి ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. వికటించిన వాసనల విషయంలో అంత గట్టిగా లేవు, కానీ హాని లేదు. స్టెరాయిడ్ మాత్రలు, జింక్ వంటివి పారోస్మియాను తగ్గిస్తాయని రుజువు కాలేదు. సొంతంగా స్టెరాయిడ్లు వాడటం ప్రమాదం.

వంటగ్యాస్ లీకును పసిగట్టడానికి కలిపే ఇథైల్ మెర్‌కాప్టన్ కూడా గంధకం ఉన్న పదార్థమే. దాని వాసన వీరికి వేరేగా తగలవచ్చు, అసలు తెలియకపోవచ్చు. గ్యాస్ డిటెక్టర్ పెట్టుకోవడం, రాత్రి రెగ్యులేటర్ కట్టడం, మిగిలిన కూర పాడైందో లేదో ఇంకొకరితో చూపించుకోవడం అవసరం.

వైరస్ జబ్బేదీ లేకుండా ఇది మొదలైనా, ఒక్క ముక్కురంధ్రంలోనే వాసన తేడా వచ్చినా, ముక్కులోంచి రక్తం లేదా చీము వచ్చినా ఈఎన్‌టీ వైద్యుణ్ని కలవాలి. కొన్ని క్షణాలు మాడు వాసన వచ్చి పోతూ, అప్పుడే స్పృహ మసకబారుతుంటే అది మూర్ఛకు సూచన కావచ్చు. దానికి న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లాలి.